నానమ్మ వడ్డన వరస తప్పినప్పుడు

తెనాలిలో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం అందరం కింద కూర్చునే తింటాం. వడ్డన నానమ్మది. ముందు నెయ్యి వేసిన పప్పు, తర్వాత కూర, ఆపైన చారు, చివరికి పెరుగు. కూర ముట్టకుండా చారు పోయమంటే ఊరుకునేది కాదు. "వరసలో తినవే తల్లీ" అనేది. మొదట తప్పింది ఆ వరసే.

సంక్రాంతికి నెల ముందు ఒక ఆదివారం, నా పెరుగన్నం సగంలో ఉండగా నానమ్మ పప్పు గిన్నె తెచ్చి గరిటెడు వేసింది. "మనవరాలు వచ్చిందన్న సంబరం" అని నాన్న నవ్వాడు. నానమ్మ నవ్వలేదు. "ఇంకా పప్పు తినలేదుగా నువ్వు" అంది. పొరపాటు ఎవరైనా చేస్తారు. చేశానని తెలియకపోవడం, చెప్పినా నమ్మకపోవడం నన్ను పట్టుకుంది.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ మూడు వారాలకోసారి ఇంటికి వెళ్తాను. అందుకే నాకు కనిపించింది. రోజూ కలిసి ఉండేవాళ్లకి మార్పు తెలియకుండానే దానికి తగ్గట్టు సర్దుకుపోవడం అలవాటవుతుంది. అమ్మ ఎప్పటినుంచో ఉప్పు డబ్బా తన చేతికందేచోట పెట్టుకుంటోంది. తిరగమోత దినుసులు ముందే చిన్న గిన్నెలో తీసి పెడుతోంది. ఎందుకని అడిగితే, "డెబ్భై ఆరేళ్లొచ్చాయి, ఆ మాత్రం చాదస్తం ఉండదా" అంది. అత్తగారి పొరపాట్లు నలుగురిలో బయటపడకుండా ఆమె ప్రేమతో కప్పుతోంది. ఆ కప్పడం వల్లే మాకు కొన్ని నెలలు తెలియలేదు.

ఆరోజు నుంచి వెళ్లినప్పుడల్లా చూసింది ఫోన్‌లో తేదీ వేసి రాసుకున్నాను. సంక్రాంతి పండక్కి పులుసులో రెండుసార్లు ఉప్పు పడింది. ఫిబ్రవరిలో నానమ్మ నూనె పెట్టి, ఆవాలు వెయ్యకుండా కరివేపాకు వేసి, తర్వాత ఏమిటో తోచక పొయ్యి ముందు నిలబడిపోయింది. ఆ నెలలోనే "గరిటె" అనే మాట దొరక్క "ఆ పోసేది ఇటివ్వు" అంది. మార్చిలో ఆవాలు మాడి వంటిల్లంతా పొగ కమ్మింది. హాల్లో ఉన్న మేము లేచి పరిగెత్తాం. పక్కనే ఉన్న నానమ్మకి వాసన తెలియలేదు.

ఇవి నాలుగు వేరువేరు సంగతులుగా కనిపించినా ఒక దారిలోనే ఉన్నాయి. తిరగమోత మనకి చిన్న పని. మెదడుకి మాత్రం నాలుగైదు మెట్లను వరస తప్పకుండా పట్టుకుని, ఏది అయింది, ఏది మిగిలింది అని క్షణక్షణం లెక్క చూసుకునే పని. ఉప్పు వేశానన్న సంగతి అయిదు నిమిషాలైనా నిలవకపోతే మళ్లీ వేస్తారు. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే అల్జైమర్స్ వ్యాధి సాధారణంగా కొత్త జ్ఞాపకాన్ని నిలిపే హిప్పోకాంపస్ అనే భాగాన్ని తొందరగా తాకుతుంది. వాసనను గుర్తుపట్టే భాగాలు దానికి దగ్గర్లోనే ఉంటాయి, అవీ చాలామందిలో మొదట్లోనే దెబ్బతింటాయి. జలుబు వల్లో సైనస్ వల్లో కూడా వాసన పోవచ్చు కాబట్టి అదొక్కటీ చూసి భయపడకూడదు.

మామూలు మరపుకీ దీనికీ తేడా నాకు గుత్తివంకాయ కూర దగ్గర తెలిసింది. మా అత్త, అంటే నానమ్మ సొంత కూతురు, వచ్చి వెళ్లిన వారానికి ఆ కూర మాట వచ్చింది. "కిందటి ఆదివారం అత్తకి నువ్వే చేసి పెట్టావుగా నానమ్మా" అన్నాను. "అదెప్పుడొచ్చింది?" అంది. వంకాయలు అత్తే తెచ్చిందని, మసాలా నువ్వే నూరావని, మిగిలింది డబ్బాలో పెట్టిచ్చావని ఒక్కొక్కటే అందించాను. మామూలు మరపైతే ఇన్ని ఆనవాళ్లలో ఏదో ఒకటి తగిలి "ఆఁ, అవునవును" అంటారు. నానమ్మ ముఖంలో ఏ కదలికా లేదు. ఆ మధ్యాహ్నం అసలు ఆ మనసులో పడలేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి మా నాన్నను ఒప్పించడం అన్నిటికంటే కష్టమైంది. "మతి పోయిందని ముద్ర వేయిస్తావా?" అన్నాడు. నేను నోటు చూపించాను. మొదటి తేదీ నుంచి చివరి దాకా చదివి, ఏమీ అనకుండా ఫోన్ తిరిగి ఇచ్చి, మర్నాడు తనే గుంటూరులో న్యూరాలజిస్టు దగ్గర పేరు రాయించాడు.

ఆ డాక్టరు ముందు నానమ్మతో మాట్లాడి, తర్వాత అమ్మనూ నన్నూ విడిగా కూర్చోబెట్టారు. ఏ పని తగ్గింది, ఎప్పటినుంచి, డబ్బు లెక్క చూసుకోగలదా, మందులు తనే వేసుకుంటుందా అని అడిగారు. రోజువారీ పనులకు ఇబ్బంది లేకుండా జ్ఞాపకం మాత్రమే కొంత తగ్గితే దాన్ని డిమెన్షియా అనరట. మూడు మాటలు చెప్పి కాసేపటికి అడిగితే నానమ్మ ఒక్కటి చెప్పింది. గడియారం బొమ్మలో అంకెలన్నీ ఒక పక్కకే వచ్చాయి. అయిదో తరగతితో బడి మానేసిన మనిషికి ఆ బొమ్మ ఒక్కటే కొలత కాదని డాక్టరే అన్నారు. వంటింటి సంగతులు అందుకే ఎక్కువ పనికొచ్చాయి. అరవై ఏళ్లు చేతిలో ఉన్న పని జారిపోతుంటే చదువు తక్కువని సర్దిచెప్పడానికి లేదు.

ఆ తర్వాత రక్తపరీక్షలు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా, దిగులు పట్టుకున్నా ఇలాంటి మరపే రావచ్చు. అవి నయం చేయగలిగినవి కాబట్టి ముందు వాటిని చూస్తారు. నానమ్మకి బి12 తక్కువుంది. ఇంజెక్షన్లు పడ్డాక నీరసం తగ్గింది, మేమంతా ఆశపడ్డాం. మరపు మాత్రం తగ్గలేదు. స్కాన్, మిగతా పరీక్షలు అన్నీ కలిపి చూసి, అల్జైమర్స్ తొలిదశలా ఉందన్నారు.

ఆ పేరు వెనక ఉన్న కథ తర్వాత చదివాను. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ అల్జైమర్ అనే డాక్టరు ఆగస్టె అనే యాభయ్యొక్కేళ్ల ఆవిడను భోజనం వేళ చూశాడు. ఆమె పంది మాంసంతో కాలీఫ్లవర్ తింటోంది. ఏం తింటున్నారని అడిగితే పాలకూర అంది. ఆ జబ్బు చరిత్రలో మొట్టమొదటి కాగితాల్లోనే ఒక భోజనం ఉందన్నమాట. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

రాత్రిపూట వేసుకోమని డోనెపెజిల్ అనే బిళ్ల రాశారు. కొందరికి కొంతకాలం తేరుకున్నట్టు ఉంటుందని, జబ్బును మాత్రం ఆపదని ముందే చెప్పారు. దానివల్ల కొందరికి వికారం, ఆకలి మందగించడం ఉంటాయి కనుక బరువు చూస్తుండమన్నారు.

నానమ్మకి అన్నీ పోలేదు. చేతుల అలవాటును నిలిపేది మెదడులో వేరే ఏర్పాటు. అందుకే ఇప్పటికీ ఆవిడ దోసకాయ ముక్కలు అన్నీ ఒక్క కొలతలో తరుగుతుంది. తను కాపురానికి వచ్చిన ఏడు ఆవకాయకి ఎన్ని కాయలు కొట్టించారో చెబుతుంది. అందుకని వంటింట్లోంచి పంపెయ్యలేదు, పనిని విడదీశాం. అమ్మ పక్కన నిలబడి "అత్తయ్యగారూ, నూనె కాగింది, ఆవాలు వెయ్యండి" అంటుంది. అవి చిటపటలాడాక తర్వాతి మాట. పొయ్యి వెలిగించడం, కట్టెయ్యడం అమ్మవే. "గుర్తులేదా?" అన్న ప్రశ్న ఇంట్లో మానేశాం. అది అడిగినప్పుడల్లా నానమ్మ బెదిరిపోయి, చేసే పని కూడా ఆపేసేది.

వచ్చే నెల డాక్టరుకి చూపించాల్సిన నోటులో చివరిది ఇది: "ఆదివారం. తిరగమోత తనే పెట్టింది, మాడలేదు. చారులో ఉప్పు వెయ్యలేదు, గిన్నె మధ్యలో పెట్టుకుని ఎవరికి కావలసింది వాళ్లం కలుపుకున్నాం. కూరకు ముందే పెరుగు వేసింది. రెండు ముద్దలు తక్కువ తింది. బరువు చూడాలి."