32 అక్షరాల్లో ఒక కౌంటీ పేరు

*డీఎన్ఎస్ సొరంగం ఎలా పనిచేస్తుంది? అలారాలు మోగకపోయినా దాన్ని పట్టించేది ఏది?*

డీఎన్ఎస్ దాడుల మీద ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారానికల్లా అందాలి అన్నారు ఎడిటర్. నివేదికలు చాలానే తిరగేశాను. వాటన్నిటిలో నన్ను కదలనివ్వనిది ఈ ఒక్క పంక్తి:

```
r8stkst71ebqgj66ervisu10bdohu0gt
```

2020లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, పీమా కౌంటీ ప్రభుత్వ నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్ అడిగిన పేరులో మొదటి ముక్క ఇది. చివరన ఉన్నది `avsvmcloud.com`. మధ్యలో `appsync-api`, `eu-west-1` లాంటి మాటలు ఉండేవి. పైపైన చూస్తే అమెజాన్ క్లౌడ్ సేవల పేరే అనిపించేలా అల్లిన పేరు.

ఆఫీసులో ఏ కంప్యూటరైనా ఒక పేరుకు చిరునామా కావాలంటే ముందు తమ నెట్‌వర్క్‌లోని రిజాల్వర్‌ని అడుగుతుంది. రిజాల్వర్‌కు తెలియకపోతే ఆ డొమైన్ యజమాని నడిపే సర్వర్ దాకా వెళ్లి అడిగొస్తుంది. అంటే డొమైన్‌కు ఎడమవైపు ఏం రాసినా అది యజమాని చేతికి చేరుతుంది. ఆ యజమాని దొంగే అయితే? కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు పూర్తిగా దూరంగా ఉంచినా, రిజాల్వరే దాని తరఫున మాట మోసుకుపోతుంది. జవాబు రూపంలో ఆజ్ఞ తిరిగొస్తుంది. డీఎన్ఎస్ టన్నెలింగ్ కిటుకంతా ఇదే.

ఇప్పుడు ఆ 32 అక్షరాలను విప్పుదాం. కాగితం, పెన్సిల్ చాలు. మొదటి 15 అక్షరాలు ఆ కంప్యూటర్‌కు దొంగలు పెట్టుకున్న గుర్తింపు సంఖ్య. 16వది ఇది ఎన్నో ముక్కో చెప్పే అక్షరం. అసలు సంగతి మిగిలిన 16లో ఉంది. దాడి చేసినవాళ్లు అక్షరాలను ఈ వరసలో పేర్చుకున్నారు:

```
rq3gsalt6u1iyfzop572d49bnx8cvmkewhj
```

ప్రతి అక్షరానికీ ఈ వరసలో నాలుగు గడులు వెనక్కి జరగాలి. మొదలు దాటితే చివరి నుంచి లెక్క కొనసాగించాలి. `e` నుంచి నాలుగు గడులు వెనక్కి వెళ్తే `c` వస్తుంది. `r` వరసలో మొదటిది కాబట్టి చివరికి చుట్టుకుని `e` దగ్గర ఆగుతుంది. సున్నా కనబడితే అదీ, దాని పక్కనున్న అక్షరమూ కలిసి ఒక ప్రత్యేక గుర్తు. ఇక్కడ రెండు చోట్లా అది చుక్కే.

```
ervisu1  0b  dohu  0g  t
central  .   pima  .   g
```

`central.pima.gov`. చివరి రెండు అక్షరాలకు చోటు చాలక ఇంకో ప్రశ్నలోకి వెళ్లాయి. మన పిల్లలు మాట్లాడుకునే ‘క’ భాష కన్నా పెద్ద కష్టమేమీ కాదిది. ప్రపంచాన్ని వణికించిన గూఢచర్యం ఇంత చిన్న లెక్క మీద నడిచింది.

నేపథ్యం నాలుగు ముక్కల్లో: డీఎన్ఎస్ 1983లో పుట్టింది. అందులోంచి డేటా దాటించే పనిముట్లు 2004 నాటికే బహిరంగంగా ఉన్నాయి. 2020 మార్చి నుంచి జూన్ మధ్య సోలార్‌విండ్స్ సంస్థ ఓరియన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లలో దొంగ కోడ్ చేరింది. సుమారు 18,000 సంస్థలకు ఆ అప్‌డేట్లు అందాయి. డిసెంబరు 13న ఫైర్‌ఐ సంస్థ దాన్ని బయటపెట్టింది.

ఆ కోడ్ ఓర్పు గలది. లోపల అడుగుపెట్టాక రెండు వారాల దాకా ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. తర్వాత అప్పుడొకటి, ఇప్పుడొకటిగా `avsvmcloud.com` కింది పేర్లతో ప్రశ్నలు పంపేది. దొంగల సర్వర్ ఆ పేర్లు విప్పి చూసుకుని, ఎవరి మీద పని చేయాలో ఎంచుకునేది. అక్కర్లేని చోటకు ఒక ఐపీ చిరునామా పంపేది. కొన్ని చిరునామాలు కనబడితే కోడ్ తనంతట తానే ఆగిపోవాలన్నది ముందే రాసిపెట్టుకున్న ఏర్పాటు. కావాల్సిన చోటకు మాత్రం CNAME జవాబు, అంటే ‘ఇంకో పేరు దగ్గరికి వెళ్లు’ అనే మాట, వెళ్లేది. రెండో దశ అక్కడ మొదలు. పీమా కౌంటీకి అలాంటి జవాబే వెళ్లిందని కాస్పర్‌స్కీ పరిశోధకులు తేల్చారు. అంతకుమించి చొరబాటు జరిగిన ఆధారమేదీ దొరకలేదని కౌంటీ అధికారులు చెప్పారు.

మరి అలారాలు ఎందుకు మోగలేదు? మామూలు సొరంగాన్ని పట్టడం తేలికే. పేరులో చుక్కకూ చుక్కకూ మధ్య 63 అక్షరాలకు మించకూడదు, మొత్తం 253 దాటకూడదు. అందులో డేటాకు 200 అక్షరాలు దక్కాయనుకుందాం. అక్షరానికి 5 బిట్లు చొప్పున ప్రశ్నకు 125 బైట్లు. పది లక్షల బైట్ల ఫైలు దాటాలంటే 8,000 ప్రశ్నలు కావాలి. ఒకే డొమైన్ కింద మళ్లీ రాని వేల పేర్లు, అన్నీ పొడవైనవి, TXT జవాబుల కోసం ఎడతెగని అడుగులు: లాగ్ చదివే ఎవరికైనా ఇది కనబడుతుంది. యాంటీవైరస్ సేవలూ కొన్ని ఇలాంటి పేర్లే పంపుతాయి కాబట్టి వాటిని ముందే గుర్తించి పక్కన పెట్టాలి.

ఓరియన్ కోడ్ పంపింది గుప్పెడు ప్రశ్నలే. అందుకే పరిమాణం మీద ఆధారపడే అలారాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఇక్కడ పనికొచ్చే ప్రశ్న వేరు: ఈ సర్వర్ ఈ డొమైన్‌ను ఇంతకుముందు ఎప్పుడైనా అడిగిందా? మనుషులు వాడే ల్యాప్‌టాప్ రోజుకు వంద కొత్త పేర్లు అడగొచ్చు. నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే సర్వర్‌కు ఆ అవసరం లేదు. అది అడిగే డొమైన్ల జాబితా పొట్టిది, ఏళ్ల తరబడి పెద్దగా మారదు. అందులోకి `avsvmcloud.com` కొత్తగా వచ్చి చేరడమే చాలు, ఒక మనిషి లేచి చూడటానికి. ఇది కుదరాలంటే సర్వర్లన్నీ సొంత రిజాల్వర్‌నే అడగాలి. బయటికి నేరుగా వెళ్లే 53వ పోర్టును మూసేయాలి. గుప్తీకరించిన డీఎన్ఎస్ వాడే ప్రోగ్రాములు ఈ లాగ్‌ను తప్పించుకుంటాయి, కాబట్టి వాటినీ సర్వర్లలో ఆపేయాలి.

నిజానికి ఈ దాడి డీఎన్ఎస్ గస్తీలో చిక్కలేదు. ఫైర్‌ఐ ఉద్యోగి ఖాతాకు అనుమానాస్పదంగా రెండో ఫోన్ జతకావడంతో తీగ దొరికింది. డొంక కదిలాక మాత్రం అందరూ పరుగెత్తింది డీఎన్ఎస్ లాగ్‌ల దగ్గరికే. ఆ డొమైన్ పేరుందా? ఉంటే CNAME జవాబు వచ్చిందా? లాగ్ దాచుకున్నవారికి ఈ రెంటికీ జవాబు దొరికింది.

మన దేశంలో లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశించింది. మంచిదే. కానీ లెక్క వేసి చూడండి. మార్చి చివర్లో అప్‌డేట్ వేసుకున్న సంస్థకు విషయం తెలిసింది డిసెంబరు 13న. మధ్యలో 250 రోజులకు పైనే. 180 రోజులకే చెరిపేసి ఉంటే మొదటి ప్రశ్నలు పోయేవి, దొంగలు ఎంచుకున్న క్షణం కూడా పోయి ఉండొచ్చు. డీఎన్ఎస్ లాగ్‌లో సమయం, అడిగిన కంప్యూటర్, అడిగిన పేరు, వచ్చిన జవాబు ఉంటే చాలు. బాగా కుదించుకుపోతుంది, పెద్ద ఖర్చూ కాదు. కనీసం సర్వర్లవైనా ఏడాది పాటు దాచాలన్నది నా గట్టి అభిప్రాయం. చాలాచోట్ల ప్రశ్న ఒక్కటే రాసి జవాబు వదిలేస్తున్నారు. జవాబు లేని లాగ్‌తో పీమా కథ సగమే తెలిసేది.

బాక్స్: జవాబులోనే విషం

సొరంగం ప్రశ్నను వాడుకుంటే, క్యాష్ పాయిజనింగ్ జవాబును వాడుకుంటుంది. రిజాల్వర్ పంపే ప్రశ్నకు 16 బిట్ల సంఖ్య ఉంటుంది. అంటే 65,536 అవకాశాలు. అసలు జవాబు రాకముందే ఆ సంఖ్యను ఊహించి నకిలీ జవాబు పంపితే రిజాల్వర్ దాన్ని నమ్మి దాచుకుంటుంది, అందరికీ అదే చెబుతుంది. లేని ఉప-పేర్లను వరసగా అడుగుతూ పోతే ఈ ఊహకు ఎన్ని అవకాశాలైనా దొరుకుతాయని 2008లో డాన్ కామిన్‌స్కీ చూపించారు. ఆ జులైలో పెద్ద సంస్థలన్నీ ఒకేసారి విరుగుడు విడుదల చేశాయి. ప్రశ్న బయల్దేరే పోర్టునూ ప్రతిసారీ మార్చడమే ఆ విరుగుడు. డీఎన్ఎస్‌సెక్ సంతకాలను సరిచూస్తే, సంతకం చేసిన డొమైన్ల విషయంలో నకిలీ అసలే నిలవదు.

గుర్తు పట్టేదెలా? అడగని జవాబులు కుప్పతెప్పలుగా వస్తాయి, ఒకే డొమైన్ కింద లేని పేర్ల ప్రశ్నలు పెరుగుతాయి. అన్‌బౌండ్ అనే రిజాల్వర్ ఆ అడగని జవాబులను లెక్కపెడుతుంది. హద్దు దాటితే లాగ్‌లో హెచ్చరిక రాసి, దాచుకున్నదంతా చెరిపేస్తుంది. అయితే ఈ ఏర్పాటు మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. కోటి అని హద్దు పెట్టుకోమని దాని కరదీపికే సూచిస్తుంది:

```
unwanted-reply-threshold: 10000000
```