గారె చిల్లు, నూనె సెగ

పైన ఎర్రగా వేగిన గారెను తుంచితే లోపల పచ్చిపిండి వేలికి జిగురుగా అంటుకుందా? తప్పు చాలాసార్లు రుబ్బులో ఉండదు. నూనె మరీ కాగిపోయి ఉంటుంది, లేదా గారె మందంగా పడి ఉంటుంది. ఇంట్లో వేసే మినపగారె అయినా, హోటల్లో పెట్టే మెదువడ అయినా ఇంతే.

గారెలు వేయించే నూనె 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. రుబ్బిన పిండిలో సగానికి పైగా ఉండేది నీళ్లే. ఆ తడి ఉన్నంతసేపూ గారె లోపల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంటే చుట్టూ నూనె ఎంత కాగుతున్నా, నడిమి భాగం ఇడ్లీలాగా ఆవిరి మీద ఉడుకుతుందన్నమాట. పైన తడి ఆరిపోయిన చోటే వేడి పెరిగి, రంగు తిరిగి, కరకరలాడే పొర కడుతుంది. పై పొర ఎర్రబడేలోగా లోపలికి సెగ చేరాలి. చిల్లు పెట్టేది అందుకే.

గారె ఆరేడు సెంటీమీటర్ల వెడల్పు, రెండు సెంటీమీటర్లకు మించని మందం ఉండి, మధ్యలో బొటనవేలు దూరేంత చిల్లు ఉంటే, లోపల ఏ చోటైనా నూనెకు ఒక సెంటీమీటరు అటూ ఇటూ దూరంలోనే ఉంటుంది. చిల్లు లేకపోతే నడిమి భాగం ఉబ్బి బంతిలా అవుతుంది. అసలే సెగ ఆలస్యంగా చేరే చోట మందం ఇంకా పెరుగుతుంది. చిల్లు సన్నగా పెట్టినా అంతే, వేగేటప్పుడు పిండి పొంగి మూసుకుపోతుంది. కాస్త పెద్దదనిపించేలా పెట్టడమే మంచిది.

200 గ్రాముల మినపగుళ్లు మూడు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బితే పన్నెండు గారెల దాకా వస్తాయి. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. ఉప్పు ముందే కలిపితే పిండి జారిపోతుంది కాబట్టి, గారెలు వేసే ముందే కలపాలి. అప్పటికీ జారుగా ఉంటే రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే సరిపోతుంది. సోడా మాత్రం వద్దు, గారె నూనె తాగేస్తుంది.

చేతిని తడిపి, నిమ్మకాయంత ముద్ద తీసుకుని, తడి అరిటాకు మీదో పాల కవరు మీదో పెట్టి మెల్లగా అదమాలి. బొటనవేలు తడిపి మధ్యలో దింపి, కాస్త తిప్పి తీయాలి. ఆకును తడి అరచేతి మీదికి ఒంపితే గారె వేళ్ల మీద పడుతుంది. చేతిని నూనెకు దగ్గరగా, బాణలి అంచు పక్కన ఉంచి జార్చాలి. చేయి తడిగా ఉంటే చాలు, నీళ్లు కారకూడదు. నూనెలో చుక్క పడితే చిటపటమని చిమ్ముతుంది.

థర్మామీటరు లేకపోయినా సెగ తెలుసుకోవచ్చు. శనగగింజంత పిండి నూనెలో వేయండి. అడుగునే ఉండిపోతే నూనె ఇంకా కాగలేదు. వేసీ వేయగానే తేలి ఎర్రబడితే మరీ కాగింది. రెండు మూడు క్షణాలు ఆగి, బుడగలతో నింపాదిగా పైకి వస్తే సరైన సెగ. ఇంట్లో మామూలు బాణలికి ఒక వాయికి మూడు నాలుగు గారెలు చాలు. చల్లటి పిండి పడగానే నూనె సెగ తగ్గుతుంది. అప్పుడు మంట కొంచెం పెంచి, బుడగలు నిలకడగా వస్తుంటే మధ్యస్థంగా తగ్గించాలి. మొదటి అరనిమిషం గరిటె తగలనివ్వకండి, అడుగు గట్టిపడకముందే కదిలిస్తే గారె విరుగుతుంది. తర్వాత రెండు మూడుసార్లు తిప్పుతూ వేయిస్తే ఐదారు నిమిషాల్లో అయిపోతుంది.

గారె చుట్టూ లేచే బుడగలు లోపలి నీటి ఆవిరే. ఆ ఆవిరి బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. సెగ చాలకపోతే ఆవిరి బలంగా రాదు, వేగడానికి ఎక్కువసేపు పడుతుంది, గారె నూనె పీల్చి బరువెక్కుతుంది. బుడగలు బాగా తగ్గి, చప్పుడు సద్దుమణిగి, రంగు బంగారుగోధుమకు తిరిగితే తీసేయవచ్చు. తీశాక ఆవిరి చల్లబడుతూ పైన అంటిన నూనెను లోపలికి లాక్కుంటుంది. అందుకే చిల్లుల గరిటెతో బాణలి అంచునే ఓ క్షణం వార్చి, పళ్లెంలో ఒకదాని మీద ఒకటి వేయకుండా విడివిడిగా పెట్టాలి.

మొదట ఒక్క గారె మాత్రమే వేయండి. వేగాక తుంచి చూడండి. లోపల పచ్చిగా ఉంటే మంట తగ్గించి, తర్వాతి గారెను పలచగా, చిల్లు పెద్దగా చేయండి. నూనె ఓడుతుంటే మంట పెంచండి. అది కుదిరాకే వాయి నింపండి.