లిఫ్టు ఆగిన కల

తొమ్మిదో అంతస్తులో ఉండే ఒకావిడ కరెంటు పోయి లిఫ్టులో పది నిమిషాలు ఇరుక్కుపోయారనుకుందాం. కరెంటు వచ్చాక క్షేమంగానే బయటపడ్డారు. కానీ ఆ రాత్రి నుంచి అదే కల. తలుపు తెరుచుకోదు, ఊపిరి అందదు, అరుద్దామంటే గొంతు పెగలదు. ఉలిక్కిపడి లేస్తారు. తెల్లారాక లిఫ్టు వైపు చూడకుండా మెట్లు ఎక్కడం మొదలుపెడతారు.

దీన్ని లిఫ్టు భయం అంటే సరిపోదు. స్టాన్లీ రాక్‌మన్, స్టీవెన్ టేలర్ అనే మనస్తత్వవేత్తలు 1993లో ఇందులో రెండు భయాలున్నాయని చూపారు. ఒకటి ఊపిరాడదేమోనని, రెండోది కదల్లేకుండా చిక్కుకుపోతామేమోనని. లిఫ్టంటే జంకేవారిలో కొందరు ఎంఆర్‌ఐ స్కానింగుకూ బెదిరిపోయేది అందుకే.

నిజానికి లిఫ్టు గాలి చొరబడని పెట్టె కాదు. గాలి ఆడేందుకు అందులో సందులుంటాయి. మరి ఊపిరి అందనట్టు ఎందుకుంటుంది? భయపడినప్పుడు గబగబా శ్వాస తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ బిగుస్తుంది. గాలి ఎక్కువగా పీల్చడం వల్ల వచ్చిన ఈ బాధనే గాలి లేకపోవడం అనుకుంటాం. అలా అనుకోగానే భయం రెట్టింపవుతుంది. ఆ క్షణంలో నెమ్మదిగా, ముఖ్యంగా గాలిని నిదానంగా వదలడం మేలు. అలారం నొక్కి ఆగాలి. తలుపులు బలవంతంగా తెరిచి అంతస్తుల మధ్య దూకబోవడమే అసలు ప్రమాదం.

మెట్లెక్కిన ప్రతిసారీ ఆవిడకు హాయిగా ఉంటుంది. ఆ హాయే భయాన్ని పోషిస్తుంది. లిఫ్టు ఎక్కకపోబట్టే బతికానని మనసు నమ్ముతుంది, ఆ నమ్మకాన్ని పరీక్షించే అవకాశమే రాదు. అందుకే చికిత్సలో మెల్లగా అక్కడికే తీసుకెళ్తారు. మొదట లిఫ్టులో తలుపు తెరిచి ఉంచి నిలబడటం, తర్వాత తోడుతో ఒక్క అంతస్తు, ఆపైన ఒంటరిగా. భయం బాగా పెరిగినప్పుడు పారిపోకుండా, అది తగ్గేదాకా అదే మెట్టు మీద ఉండాలి, లేదా దాన్నే మళ్లీ చేయాలి.

కలకు వేరే పద్ధతి ఉంది. పగటిపూట కలను కాగితం మీద రాసి, నచ్చినట్టు మార్చుకోవాలి. తలుపు తెరుచుకుందనో, వాచ్‌మన్ పలికాడనో రాసి, ఆ కొత్త కథను రోజూ పది, ఇరవై నిమిషాలు కళ్ల ముందు చూసుకోవాలి. బ్యారీ క్రాకోవ్ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, అత్యాచారానికి గురై పీడకలలతో బాధపడుతున్న స్త్రీలకు ఈ సాధన ఉపశమనం ఇచ్చింది. అయితే మొదట ఒకటి చూసుకోవాలి. గట్టిగా గురకపెడుతూ, ఊపిరాడక లేస్తుంటే అది కల వల్ల కాకపోవచ్చు. నిద్రలో శ్వాస ఆగే జబ్బేమో డాక్టరుకు చూపించాలి.

భయంతో ఉద్యోగమో, వైద్యమో వదులుకునే పరిస్థితి ఉంటే సొంతంగా నెట్టుకురావద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.