దీపం దగ్గరికి, పుస్తకం దూరానికి

రాత్రి ఏడున్నర. హాల్లో గోడకు ఒకే ట్యూబ్‌లైట్. దానికి వీపు పెట్టి కూర్చున్న పదో తరగతి అమ్మాయి ముక్కు పుస్తకానికి తగులుతుందేమో అన్నంతగా వంగి చదువుతోంది. సోఫాలో తాతయ్య పేపరును చేయి చాచినంత దూరంలో పట్టుకుని, మధ్యమధ్యలో లైటు వైపు తిప్పుకుంటున్నారు. మన ఇళ్లలో రోజూ కనిపించేదే ఇది. మనవరాలు దగ్గరికి లాక్కుంటోంది, తాతయ్య దూరంగా జరుపుతున్నారు. ఇద్దరికీ తక్కువైంది మాత్రం ఒకటే, కాగితం మీద పడే వెలుతురు.

ఆ వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. పుస్తకం చదవడానికి, రాసుకోవడానికి 300 నుంచి 500 లక్స్ ఉంటే హాయిగా ఉంటుంది. పగలు కిటికీ పక్కన అంతకంటే ఎక్కువే ఉంటుంది. రాత్రి హాల్లో, ట్యూబ్‌లైటుకు రెండు మూడు మీటర్ల దూరంలో, చాలాసార్లు నూటికి అటూ ఇటూగా ఉంటుంది. చదివే మనిషి తల నీడ పేజీ మీద పడితే అది కూడా మిగలదు. 'గదిలో లైటు బాగానే వెలుగుతోందిగా' అనిపించడానికి కారణం, మన కన్ను తక్కువ వెలుతురుకు ఇట్టే అలవాటు పడిపోవడం. గది కనిపించడానికి చాలే వెలుతురు అక్షరాలకు చాలదు. అందులోనూ తెలుగు అక్షరాలు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చిన్న మెలిక, వత్తులన్నీ కింద ఇరుక్కుని ఉంటాయి. మసకలో ముందు కలిసిపోయేవి అవే.

చాలామంది ఇక్కడ ఇంకా పెద్ద బల్బు కొంటారు. అంతకంటే తేలికైన దారి బల్బును దగ్గరికి తేవడం. చిన్న దీపం నుంచి దూరం సగమైతే కాగితం మీద వెలుతురు రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. మూడో వంతైతే తొమ్మిది రెట్లు. అందుకే పైకప్పుకున్న పెద్ద బల్బు చేయలేని పనిని, పుస్తకానికి ఒకటిన్నర అడుగుల ఎత్తులో షేడ్ ఉన్న టేబుల్ ల్యాంప్‌లోని మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సునాయాసంగా చేస్తుంది. ఇల్లంతా లైట్లు మార్చడం కన్నా ఒక్క ల్యాంప్ కొనడం మేలు.

ఇక ఆ అమ్మాయి టేబుల్ సంగతి. ఆమె కుడిచేత్తో రాస్తుంది కాబట్టి ల్యాంప్ ఎడమవైపు, కొంచెం ముందుగా ఉండాలి. కుడివైపు పెడితే రాసే చోటే చేతి నీడ పడుతుంది. ఎడమచేతి వాటం పిల్లలకు ఇది తిరగబడుతుంది. షేడ్ అంచు కూర్చున్నప్పటి కంటి ఎత్తు కన్నా కిందికి ఉండాలి, బల్బు నేరుగా కంట్లో పడకూడదు. ల్యాంప్ పెట్టాక పుస్తకం మీద చిన్న అద్దం పెట్టి, చదివే చోటు నుంచే చూడాలి. అద్దంలో బల్బు కనిపిస్తే నున్నటి గైడు కాగితం మీద కూడా అదే మెరుపు పడుతుందన్నమాట. ల్యాంప్‌ను పక్కకు జరిపితే పోతుంది. హాల్లో లైటు ఆర్పకూడదు. చుట్టూ చీకటి, మధ్యలో పేజీ మాత్రమే ధగధగలాడితే, తల ఎత్తిన ప్రతిసారీ కన్ను సర్దుకోవాల్సి వచ్చి అలసిపోతుంది.

వెలుతురు సరిపోయాక పుస్తకాన్ని వెనక్కి జరపడం సులువవుతుంది. ఎంత దూరం? పిడికిలి బిగించి మోచేతిని పుస్తకం మీద ఆనిస్తే పిడికిలి గడ్డం దగ్గరికి రావాలి. పెద్దవాళ్లకది సుమారు 40 సెంటీమీటర్లు, చిన్నపిల్లలకు వాళ్ల చేతిని బట్టి కొంత తక్కువ. 40 సెంటీమీటర్ల దగ్గర చూడటానికి కన్ను పడే శ్రమ 20 దగ్గర రెట్టింపవుతుంది. చిక్కేమిటంటే పిల్లల కంటి కటకం మెత్తగా ఉంటుంది, ఆ శ్రమను ఫిర్యాదు లేకుండా మోస్తుంది. అందుకే 'నాకు బాగానే కనిపిస్తోంది' అంటారు, అది నిజమే కూడా. మసక వెలుతురు వల్ల కళ్లు పోతాయన్న భయానికి ఆధారం లేదు, కళ్లు లాగడం, తలనొప్పి వస్తాయి, విశ్రాంతితో తగ్గుతాయి. కానీ 30 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా, గంటల తరబడి ఆపకుండా చదివే పిల్లల్లో హ్రస్వదృష్టి ఎక్కువగా కనిపిస్తోందని పరిశోధకులు గమనించారు. కాబట్టి అరగంటకోసారి తలెత్తి దూరంగా చూడటం, పగలు బయట ఆడుకోవడం ల్యాంప్‌తో సమానంగా అవసరం. ఎంత మంచి ల్యాంపైనా ఎండలోని వెలుతురులో చిన్న భాగాన్ని కూడా ఇవ్వలేదు.

తాతయ్య కథ వేరు. అరవై దాటినవారి కనుపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్లవారితో పోలిస్తే కంటి లోపలి తెరకు చేరే వెలుతురు సుమారు మూడో వంతే. మనవరాలికి చాలిన వెలుతురు ఆయనకు చాలదు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని కళ్లజోడు లేకుండా హెడ్డింగులు చదివేసే పెద్దవాళ్లు, సాయంత్రం అదే పేపరు చదవలేకపోవడంలో వింతేమీ లేదు. గట్టి వెలుతురులో కనుపాప ఇంకా ముడుచుకుంటుంది, సన్నటి రంధ్రంలోంచి చూసినట్లు అక్షరాల అంచులు తేరతాయి. చత్వారం పోయిందని కాదు, వెలుతురు దాన్ని కొంత కప్పిపుచ్చుతోంది.

ఆయన కుర్చీ పక్కన నిలబెట్టే ల్యాంపో, గోడకు వంచగలిగే ల్యాంపో ఉంటే మంచిది. భుజం మీదుగా, కొంచెం పక్కనుంచి, బాగా కనిపించే కన్ను వైపు నుంచి వెలుతురు పేజీ మీద పడాలి. ఎదురుగా పెట్టకూడదు. శుక్లం మొదలైన కంట్లోకి ఎదురు వెలుతురు పడితే చెదిరిపోయి అంతా పొగమంచులా అవుతుంది. కాంతి రంగు ఎవరికి ఏది హాయిగా ఉంటే అది, పసుపు అయినా తెలుపు అయినా. మందు బిళ్లల అట్ట మీది గడువు తేదీ చూసేటప్పుడు మాత్రం వెలుతురు పెంచితే వెండి రేకు మరింత మెరుస్తుంది. అట్టను కాస్త వంచి, మెరుపు పక్కకు తప్పుకునే కోణంలో చూడాలి.

కళ్లజోడుకు వెళ్లేముందు ఆయన పేపరు పట్టుకునే దూరాన్ని టేపుతో కొలిచి డాక్టరుకు చెప్పడం చాలా పనికొస్తుంది. చత్వారం పూర్తిగా వచ్చి, దూరపు చూపు సరిగ్గా ఉన్నవారికి ప్లస్ రెండున్నర అద్దం 40 సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా చూపిస్తుంది. ఒళ్లో పెట్టుకుని అరమీటరు దూరంలో చదివే మనిషికి రెండు చాలు. ఆ తేడా తెలియక 'కొత్త జోడు పనికిరాలేదు' అని పక్కన పడేసేవారున్నారు.

ల్యాంప్ సరిచేశాక కూడా వెలుతురు పెంచినకొద్దీ మరీ మసకబారుతుంటే శుక్లం పరీక్ష చేయించాలి. పేపరు గీతలు వంకరగా కనిపించినా, పదం మధ్యలో అక్షరం మాయమైనట్లు అనిపించినా అది దీపం సమస్య కాదు, రెటీనా డాక్టరును ఆ వారంలోనే చూడాలి.