గోడ వెనక కేబుల్, తెర మీద మెరుపు చుక్కలు

హాల్లో టీవీని గోడకు బిగించి, ప్లేయర్‌ను దూరంగా అల్మారాలో పెట్టారనుకుందాం. గోడలోని పైపు గుండా 10 మీటర్ల మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ లాగారు. ఫుల్ హెచ్‌డీ సినిమా చక్కగా వస్తుంది. 4కే పెట్టగానే తెర మీద తెల్లటి చుక్కలు తళుక్కుమంటాయి, మధ్యమధ్యలో బొమ్మ రెండు క్షణాలు మాయమవుతుంది.

టీవీ పాడైందని చాలామంది కంగారుపడతారు. తప్పు చాలావరకు కేబుల్‌ది. సెకనుకు 60 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీకి సుమారు 4.5 గిగాబిట్ల వేగం చాలు. అదే 4కేకి 18 దాకా కావాలి. వేగం పెరిగేకొద్దీ రాగి తీగలో సిగ్నల్ త్వరగా నీరసిస్తుంది. టీవీ ఒకటిని సున్నాగా చదివిన చోటల్లా ఒక చుక్క మెరుస్తుంది. తప్పులు మరీ ఎక్కువైతే సిగ్నల్ పట్టు తప్పి తెర నల్లబడుతుంది.

తేల్చుకోవడం తేలికే. ప్లేయర్ సెట్టింగుల్లో 4కేని 30 ఫ్రేములకు తగ్గిస్తే చుక్కలు పోవాలి. తర్వాత ప్లేయర్‌ను టీవీ దగ్గరికి తెచ్చి, రెండు మీటర్ల కేబుల్‌తో 60 ఫ్రేముల్లో చూడాలి. శుభ్రంగా వస్తే దోషం గోడలోని కేబుల్‌దే.

ఈ వేగానికి ఐదు మీటర్ల లోపు సర్టిఫైడ్ రాగి కేబుల్ సరిపోతుంది. అది దాటితే యాక్టివ్ కేబుల్, పది మీటర్లకైతే ఆప్టికల్ రకం మేలు. దీనికి దిశ ఉంటుంది: ‘సోర్స్’ అని రాసిన కొస ప్లేయర్‌కే పెట్టాలి, తిప్పి పెడితే బొమ్మే రాదు. పైపులోకి తోసే ముందే నేల మీద పరిచి, ఒక పూర్తి సినిమా ఆడించి చూడాలి.