మధ్యలో ఒక ఫ్లైట్ ఎక్కకపోతే మిగతా టికెట్ ఏమవుతుంది?

రానుపోను కలిపి కొన్న విమాన టికెట్‌లో గానీ, నాలుగైదు ఊళ్లు కలిపి తీసుకున్న టికెట్‌లో గానీ ఒక ఫ్లైట్ ఎక్కకుండా వదిలేస్తే, చాలా విమాన సంస్థల నిబంధనల ప్రకారం ఆ తర్వాతవన్నీ రద్దవుతాయి. వెళ్లేటప్పటి మొదటి ఫ్లైట్ వదిలేస్తే తిరుగు ప్రయాణం కూడా పోతుంది. మధ్యలోది వదిలేస్తే అప్పటిదాకా చేసిన ప్రయాణానికి ఏమీ కాదు, ముందున్నవి పోతాయి. చివరిది వదిలేస్తే రద్దు చేయడానికి ఇంకేమీ మిగలదు. డబ్బు ముందే కట్టేశాం కాబట్టి ఎక్కినా మానినా తక్కిన సీట్లు మనవేనని చాలామంది అనుకుంటారు. ఆ నమ్మకంతోనే ఎయిర్‌పోర్టుకు వెళ్లి కౌంటర్ దగ్గర చిక్కుకుంటారు.

టికెట్‌లో ప్రతి ఫ్లైట్‌కూ ఒక కూపన్ ఉంటుంది. కాగితం టికెట్ల కాలంలో ఇవి చిన్న పుస్తకంలా కుట్టి ఉండేవి. కౌంటర్‌లో ఒక్కొక్కటే చించుకునేవారు. అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ 2008 జూన్ 1 నుంచి తన సభ్య సంస్థలను పూర్తిగా ఈ-టికెట్‌కు మార్చింది. పుస్తకం పోయింది గానీ కూపన్ పోలేదు, కంప్యూటర్‌లోకి మారిందంతే. కూపన్లను వరుసగానే వాడాలన్న నియమం అప్పుడూ ఇప్పుడూ ఉంది. ఒకటి దాటేసి తర్వాతది వాడటం కుదరదు.

ఇక్కడ గమనించాల్సింది, ఒక ప్రయాణానికి రెండు వేర్వేరు రికార్డులు ఉంటాయన్న సంగతి. ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ సీటుకు సంబంధించింది. ఏ తేదీన, ఏ ఫ్లైట్‌లో చోటు ఉందో అది చెబుతుంది. పదమూడు అంకెల టికెట్ నంబర్ డబ్బుకు సంబంధించింది. ఏ కూపన్ వాడారో, ఏది మిగిలిందో అది చెబుతుంది. ఒక ఫ్లైట్ ఎక్కనప్పుడు దెబ్బ ముందుగా తగిలేది పీఎన్‌ఆర్‌కు. టికెట్‌లో కూపన్లు వాడనివిగానే కనిపిస్తూ ఉంటాయి, సీట్లు మాత్రం ఉండవు.

తెలుగు కుటుంబాల్లో తరచూ ఎదురయ్యే ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకుందాం. డల్లాస్‌లో ఉన్న కూతురి దగ్గరకు, తర్వాత న్యూజెర్సీలో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్లి రావడానికి హైదరాబాద్‌లోని తల్లిదండ్రులు ఒకే టికెట్ తీసుకున్నారనుకుందాం. హైదరాబాద్ నుంచి దోహా, అక్కడి నుంచి డల్లాస్. నెల తర్వాత డల్లాస్ నుంచి న్యూయార్క్. మరికొన్ని వారాలకు న్యూయార్క్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్. మొత్తం ఐదు ఫ్లైట్లు, ఐదు కూపన్లు. ఒక టికెట్ నంబర్ మీద నాలుగు కూపన్లే పడతాయి కాబట్టి ఒక్కొక్కరికీ రెండు వరుస నంబర్లు వస్తాయి.

డల్లాస్‌లో ఉండగా అల్లుడు, దారిలో ఊళ్లు చూసుకుంటూ అందరం కారులో న్యూజెర్సీ వెళ్దామన్నాడు. మూడో ఫ్లైట్ వదిలేశారు. ఎవరికీ ఫోన్ చేయలేదు. ఆ ఫ్లైట్ బయల్దేరాక ఎయిర్‌లైన్ ఆ ఇద్దరినీ ‘నో షో’గా నమోదు చేస్తుంది, అంటే బుకింగ్ ఉండీ రానివాళ్లుగా. ఆ మాట పీఎన్‌ఆర్‌కు చేరగానే నాలుగో, ఐదో ఫ్లైట్లలోని సీట్లు రద్దయి మళ్లీ అమ్మకానికి వెళ్తాయి. దాని గురించి మెయిల్ వచ్చినా, బుకింగ్‌లో ఏజెంట్ తన మెయిల్ ఇచ్చి ఉంటే అది ఏజెంట్‌కే పోతుంది. కారులో వెళ్తున్నవాళ్లకు ఏమీ తెలియదు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఆన్‌లైన్‌లో చెకిన్ చేయబోతే బుకింగ్ దొరకదు, లేదా కౌంటర్‌కు రమ్మంటుంది. అదే మొదటి సూచన. కౌంటర్‌లో ఉద్యోగికి టికెట్‌లో మూడు కూపన్లు వాడనివిగా కనిపిస్తాయి, కానీ సీటు లేదు. టికెట్‌ను రీఇష్యూ చేయాలి, అంటే ఎక్కిన ఫ్లైట్లకూ ఎక్కబోయే ఫ్లైట్లకూ కలిపి ధర మళ్లీ లెక్కగట్టి కొత్త టికెట్ ఇవ్వాలి. దానికి నో షో రుసుము, మార్పు రుసుము, ధరలో తేడా కలుస్తాయి. ఒకే ఎకానమీ క్యాబిన్‌లోనూ పలు ధరల శ్రేణులు ఉంటాయి. ప్రయాణం దగ్గరపడేసరికి చౌక శ్రేణులు చాలావరకు అయిపోయి ఉంటాయి గనుక ఆ తేడాయే అన్నిటికన్నా ఎక్కువ భారం. సెలవుల రద్దీలో అసలు సీటే దొరక్కపోవచ్చు.

ఇంత కఠినం ఎందుకంటే, విమాన ధర దూరాన్ని బట్టి ఉండదు. మొత్తం దారిని బట్టి ఉంటుంది. రానుపోను టికెట్ కొన్నిసార్లు ఒకవైపు టికెట్ కన్నా తక్కువకే వస్తుంది. దోహా మీదుగా వెళ్లే టికెట్, దోహా నుంచే మొదలయ్యే టికెట్ కన్నా చౌకగా ఉండొచ్చు. కూపన్లను ఇష్టం వచ్చినట్టు వాడనిస్తే అందరూ చౌక టికెట్ కొని కావలసిన ముక్క మాత్రమే వాడుకుంటారన్నది సంస్థల వాదన. రానివాళ్ల కోసం తర్వాతి సీటు ఖాళీగా ఉంచలేమన్నది రెండో వాదన. మొదటి వాదనలో పస ఉంది. కానీ ధరను మోసం చేయాలన్న ఆలోచనే లేకుండా, ప్రణాళిక మారి ఒక ఫ్లైట్ వదిలేసిన పెద్దవాళ్ల మీద కూడా అదే శిక్ష పడటం న్యాయం కాదు. జర్మనీ సుప్రీం న్యాయస్థానం 2010లో లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్ నిబంధనల మీద దాదాపు ఈ మాటే చెప్పింది. అందరికీ ఒకేలా వర్తించే ఆ నిషేధం చెల్లదంటూనే, అవసరమైన చోట ధర తేడా వసూలు చేసుకునే దారి మూసేయలేదు.

పై ఉదాహరణలో మూడో ఫ్లైట్ బయల్దేరకముందే ఫోన్ చేసి ఉంటే కథ వేరుగా ఉండేది. ఆ ఒక్క ఫ్లైట్ తీసేసి, మిగతా సీట్లు అలాగే ఉంచి టికెట్ రీఇష్యూ చేయమని అడగొచ్చు. ఒక ఊళ్లో దిగి మరో ఊరి నుంచి తిరిగి రావడం మామూలు పద్ధతే కాబట్టి ధరలో తేడా పెద్దగా ఉండకపోవచ్చు. ఏజెంట్ దగ్గర కొన్న టికెట్ అయితే సంస్థ సాధారణంగా ఆ ఏజెంట్‌నే అడగమంటుంది. అందుకు సమయం పడుతుంది. “మార్చేశాం” అన్న మాట చాలదు. కొత్త టికెట్ నంబర్‌తో మెయిల్ వచ్చాకే పని అయినట్టు.

మధ్యలో కారు ప్రయాణానికి అవకాశం ఉందని ముందే తెలిస్తే ఆ ముక్కను విడిగా కొనడం మేలు. అయితే అమెరికా లోపలి టికెట్ విడిగా కొంటే సూట్‌కేసులకు చాలా సంస్థలు డబ్బు తీసుకుంటాయి. దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

మొదటి ఫ్లైట్ ఆలస్యమై తర్వాతది అందకపోవడం దీని కిందికి రాదు. రెండూ ఒకే టికెట్‌లో ఉంటే మరో ఫ్లైట్‌లో పంపే బాధ్యత విమాన సంస్థదే.

ఇక వాడని టికెట్ మీద డబ్బు పూర్తిగా పోయినట్టు కాదు. డీజీసీఏ నిబంధనల ప్రకారం భారతీయ విమాన సంస్థలు, ప్రయాణికుడు నో షో అయినా సరే, టికెట్‌లో వసూలు చేసిన ప్రభుత్వ పన్నులనూ, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వంటి విమానాశ్రయ రుసుములనూ తిరిగి ఇవ్వాలి. మూల ధర వెనక్కి రాని చౌక టికెట్లకూ ఇది వర్తిస్తుంది. విదేశీ సంస్థలు మాత్రం తమ దేశపు నిబంధనలను బట్టి ఇస్తాయి. ఎవరి దగ్గర కొన్నారో వాళ్లకు టికెట్ నంబర్‌తో సహా రాతపూర్వకంగా పెట్టి అడగండి.