చీకట్లో నల్లకుక్క: రంగు ఎందాకా, మెరుపు ఎక్కడినుంచి

నల్ల లాబ్రడార్ మెడలో ఎర్ర బెల్టు చూడముచ్చటగా ఉంటుంది. షాపులో ట్యూబ్‌లైట్ల కింద దానికి అంతకన్నా నప్పే రంగు ఇంకొకటి కనపడదు. అదే కుక్కను రాత్రి ఎనిమిదింటికి, సన్నగా వాన పడుతుండగా కాలనీ రోడ్డు మీదికి తీసుకెళ్తే, ఎదురుగా బైకు మీద వచ్చే మనిషికి ఆ ఎరుపు కనపడదు. నల్లటి మెడ మీద నల్లటి బెల్టే ఉంటుంది. కుక్కకు బెల్టు, లీష్, రెయిన్‌కోట్ కొనేటప్పుడు ఒంటి రంగుకు ఏది నప్పుతుందో చూడటం తప్పేమీ కాదు. కానీ వాన చీకట్లో ఏది కనపడుతుందనేది ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాత అందం ఎలాగూ కుదురుతుంది.

సాయంత్రం పెరట్లో మందార చెట్టును కాసేపు గమనించండి. పగలంతా నిప్పులా ఉన్న పువ్వు, పొద్దు వాలేకొద్దీ ఆకులకన్నా ముందే నల్లబడుతుంది. ఆకులు ఇంకా బూడిదరంగులో లేతగా కనపడుతూనే ఉంటాయి. మన కంట్లో రంగులను పట్టే శంకువులు వెలుగు తగ్గగానే వెనక్కి తగ్గుతాయి. మసక వెలుతురులో పనిచేసే దండాలు ముందుకొస్తాయి. ఈ దండాలు నీలం, ఆకుపచ్చల వైపు చురుకుగా ఉంటాయి, ఎరుపును దాదాపు పట్టించుకోవు. 19వ శతాబ్దం తొలినాళ్లలో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే దీన్ని గమనించి రాశాడు కాబట్టి ఈ మార్పును ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎరుపు, మెరూన్, ముదురు గులాబీ రంగులు సంజెవేళకే చతికిలబడటానికి కారణం ఇదే. నిమ్మపచ్చ, లేత పసుపు, ఆకాశనీలం ఇంకాసేపు నిలబడతాయి.

బైకు నడిపే మనిషి వైపు నుంచి చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని గ్రహించి బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పడితే, ఆలోపే బండి 21 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద ఇంకో 14 మీటర్లు, తడి రోడ్డు మీద సుమారు 25 మీటర్లు సాగుతుంది. అంటే వానలో ఆగడానికి 45 మీటర్లకు పైగా కావాలి. డిమ్ లైటులో నల్లని వస్తువు 30 మీటర్ల లోపుకు వచ్చేదాకా కంటికి ఆనకపోవచ్చు. తడిసిన నల్లబొచ్చు మరీ ముదురుగా కనపడుతుంది. పైగా తడిరోడ్డు హెడ్‌లైటు వెలుగును ముందుకే జారవిడుస్తుంది, ఎదుటి బండ్ల వెలుగును కళ్లలోకి కొడుతుంది. అంటే అతను బ్రేకు వేయాల్సిన చోటు దాటిపోయాకే కుక్క కనపడుతుంది. నడిపే మనిషి ఎంత జాగ్రత్తపరుడైనా ఈ పదిహేను మీటర్ల లోటును పూడ్చలేడు. ఆ లోటు కుక్క ఒంటి మీదున్నదే పూడ్చాలి.

ట్రాఫిక్ పోలీసుల జాకెట్లలో కనిపించే నిగనిగలాడే నిమ్మపచ్చ ఫ్లోరసెంట్ రంగు. అది కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను, నీలి వెలుగును పీల్చుకుని పసుపుపచ్చగా తిరిగి వదులుతుంది. అందుకే మబ్బు పట్టిన మధ్యాహ్నం, వాన ముసురులో, పొద్దు గుంకేవేళ చుట్టూ ఉన్నవాటికన్నా ఎక్కువ వెలిగినట్టు ఉంటుంది. పూర్తిగా చీకటి పడ్డాక పీల్చుకోవడానికి ఆ కిరణాలే ఉండవు. అప్పుడది మామూలు లేతరంగు గుడ్డ. ఈ సంగతి తెలియక ఫ్లోరసెంట్ కోటు ఒక్కటి తొడిగి ధైర్యంగా రాత్రి బయటికి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

రాత్రి పని వెండిరంగు పట్టీది. మన బజార్లో రేడియం టేపు అని అడిగితే ఇచ్చేది ఇదే. అందులో రేడియమేమీ ఉండదు. ఇసుక రేణువులకన్నా సన్నని గాజుపూసలో, చిన్నచిన్న పట్టకాలో వరసగా పొదిగి ఉంటాయి. అవి పడిన వెలుగును చెల్లాచెదురు చేయకుండా వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. హెడ్‌లైటు, బండి నడిపేవాడి కళ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ వెలుగు నేరుగా అతనికే చేరుతుంది. మంచి పట్టీ వంద మీటర్ల అవతలి నుంచే తెల్లగా మెరుస్తుంది. కుక్క కళ్లు కూడా రాత్రి ఇలాగే మెరుస్తాయి, కానీ అది బండి వైపు తిరిగి చూసినప్పుడే. తల దించుకుని స్తంభాన్ని వాసన చూస్తున్న కుక్క కళ్లను నమ్ముకోలేం.

ఈ పట్టీ కొనేటప్పుడు మోసపోయే చోట్లు రెండు. చీకట్లో పచ్చగా మిణుకుమనే బెల్టును కూడా రేడియం అనే అమ్ముతారు. అది కాసేపు వెలుగును దాచుకుని వదిలేది. ఆ మెరుపు కొద్ది నిమిషాల్లోనే బాగా సన్నగిల్లుతుంది, హెడ్‌లైటుకు జవాబివ్వదు. రెండోది, చూడటానికి వెండిరంగులో ఉండి పనిచేయని మామూలు బూడిదరంగు గుడ్డ. రెండింటినీ పట్టుకోవడానికి ఫోను చాలు. బెల్టును ఒక చీకటి మూలలో పెట్టి ఇరవై అడుగుల దూరం జరిగి, ఫోను టార్చిని కంటి పక్కన, కణతకు ఆనించి వెలిగించండి. అసలుదైతే బల్బు వెలిగినట్టు మెరుస్తుంది. టార్చిని నడుం దగ్గర పట్టుకుంటే మాత్రం మంచి పట్టీ కూడా మెరవదు, ఎందుకంటే వెలుగు మీ కంటికి కాకుండా నడుం దగ్గరికి తిరిగొస్తుంది. ఆ తర్వాత పట్టీ మీద మగ్గుతో నీళ్లు పోసి మళ్లీ చూడండి. రెయిన్‌కోట్‌కు ఈ రెండో పరీక్షే ముఖ్యం. పైన ఏ పొరా లేకుండా గాజుపూసలు బయటికే ఉన్న రకాల్లో నీటిపొర చేరితే మెరుపు బాగా పడిపోతుంది. లారీల వెనక అంటించే తేనెపట్టు గళ్ల టేపు వానకు బాగా నిలబడుతుంది. అది బిరుసుగా ఉంటుంది కాబట్టి కోటు మడతల మీద పగిలిపోతుంది. బెల్టు మీదో, ఛాతీకి కట్టే హార్నెస్ మీదో కుట్టిస్తే బాగుంటుంది.

ఇప్పుడు మన నల్ల లాబ్రడార్‌కు కోటు తొడుగుదాం. కోటు పడగానే కుక్క ఒంటి రంగు అసలు రంగు కాదు, కోటు రంగే. కోటు మెడ అంచు కిందికి దిగి బెల్టును కప్పేస్తుంది, బెల్టు మీదున్న పట్టీ ఎంత మంచిదైనా లోపలే ఉండిపోతుంది. కాబట్టి పట్టీ కోటు మీదే ఉండాలి. అదీ వెన్ను వెంబడి ఒక్క గీతగా ఉంటే లాభం తక్కువ. పైన మేడ మీంచి చూసేవాళ్లకు అది బాగా కనపడుతుంది గానీ, రోడ్డు దాటుతున్న కుక్కను బండ్లు చూసేది పక్కనుంచి. రెండు డొక్కల మీదా రెండేసి వేళ్ల వెడల్పున పట్టీ, ఛాతీ చుట్టూ ఒకటి, తోక దగ్గర ఒకటి ఉంటే ఎటు తిరిగినా ఏదో ఒకటి హెడ్‌లైటుకు దొరుకుతుంది. నల్లకుక్కకు కోటు నిమ్మపచ్చదైతే సంజెవేళ పని కూడా అదే చేస్తుంది. నారింజ కూడా నలుపు మీద అందంగా ఉంటుంది, కానీ పొద్దు వాలాక నిమ్మపచ్చ ముందు నిలవదు. నేవీ బ్లూ, మెరూన్, మిలిటరీ మచ్చల కోట్లు నల్లకుక్కకే కాదు, ఏ కుక్కకూ రాత్రిపూట వద్దు.

ఇక్కడే తెల్లకుక్కలున్నవాళ్లకు ఒక మాట. తెల్ల పొమరేనియన్ ఒళ్లే చీకట్లో దానికి రక్ష. దానికి ముదురు నీలం కోటు తొడిగితే తెల్లకుక్కను చేతులారా నల్లకుక్కగా మార్చినట్టే. దీని మీద లేత పసుపు కలిసిపోతుంది. నారింజ, చిలకపచ్చ పగలు విడిగా కనపడతాయి. నారింజ సంజెలో ముదురుబారినా తెల్లటి ఒంటి మీద ఆ ముదురుగీత కూడా గుర్తు పట్టడానికి పనికొస్తుంది. చవక బెల్టుల రంగు వానకు కారి మెడ చుట్టూ బొచ్చుకు పట్టుకుంటుంది కాబట్టి, తడిపిన తెల్లగుడ్డతో బెల్టును గట్టిగా రుద్ది చూశాకే తగిలించండి. పొమరేనియన్ లాంటి పొడవు బొచ్చు కుక్కల్లో బెల్టు బొచ్చులో మునిగిపోతుంది. వాటికి పట్టీ హార్నెస్ మీద ఉండటం మేలు. గోధుమరంగు దేశీ కుక్క సంగతి వేరు. అది ఎండుగడ్డిలో, మట్టిలో కలిసిపోయే రంగు. పసుపు వెలుగునిచ్చే పాత సోడియం దీపాల కింద నారింజ, పసుపు, గోధుమ అన్నీ ఒకే రంగులోకి దిగుతాయి. దానికి ఆకాశనీలం బెల్టు పగలు ఎంతో నప్పుతుంది, మసకలోనూ విడిగా తెలుస్తుంది.

అందరూ మరచిపోయేది లీష్‌ను. మనిషి కనపడతాడు, కుక్క కనపడుతుంది, ఇద్దరి మధ్యా ఖాళీ ఉందనుకుని బైకు అందులోంచి దూరుతుంది. ముగ్గురికీ దెబ్బలు తగిలే ప్రమాదం అది. అందుకని పొడవునా వెండి దారం నేసిన లీష్, నాలుగైదు అడుగులకు మించనిది రాత్రికి మంచిది. పెట్టెలోంచి సాగే సన్నతాడు లీష్ రాత్రి రోడ్డు మీద అసలు వద్దు. నల్లటి లీష్ ఉంటే పారేయనక్కర్లేదు, కుట్టుపని తెలిసినవారి చేత దాని మీద పొడవునా పట్టీ కుట్టిస్తే సరిపోతుంది.

హెడ్‌లైటు లేని సైకిలు, లైటు పాడైన ఆటో, మలుపు అవతలి నుంచి వచ్చే బండి, వీటి ముందు ఏ పట్టీ పనిచేయదు. మెరిసేందుకు దాని మీద వెలుగు పడాలి కదా. ఇందుకోసమే చిన్న ఎల్ఈడీ దీపం. ఎరుపు కాకుండా తెలుపో పచ్చో ఎంచుకోండి, ఎరుపును బండి వెనక దీపమనుకుంటారు. మిణుకుమిణుకుమనేది తొందరగా కంట పడుతుంది, నిలకడగా వెలిగేది ఎంత దూరంలో ఉందో తెలియజేస్తుంది. ఇరుకు కాలనీ రోడ్లకు నేను నిలకడగా వెలిగేదాన్నే ఎంచుకుంటాను.

కోటు ఇంటికొచ్చాక వెంటనే విప్పి ఒళ్లు తుడవాలి. ఉక్కపోతలో తడికోటు లోపల కుక్క ఒళ్లు వేడెక్కుతుంది, చంకల దగ్గర ఒరుసుకుని పుండు పడుతుంది. పట్టీ మీద చిమ్మిన బురదను తడిగుడ్డతో తుడవండి, మట్టి పట్టిన గాజుపూసలు వెలుగు తిప్పి పంపవు. బ్రష్‌తో గట్టిగా రుద్దవద్దు, బట్టలకు వేసే కండిషనర్ వద్దు, ఇస్త్రీ వద్దు. మొదటి వానలప్పుడోసారి, దీపావళి నాటికోసారి ఫోను టార్చి పరీక్ష మళ్లీ చేయండి. పట్టీ మీద నల్లమచ్చల్లా మెరవని చోట్లు కనపడితే గాజుపూసలు రాలిపోయాయన్నమాట. కోటు గట్టిగా ఉంటే దాన్ని ఉంచుకుని పట్టీ ఒక్కటీ మార్పించుకోవచ్చు.